మాట్లాడకుండా వెళ్లిపోయినవాళ్ల లెక్క

2022 నవంబరులో కెనడాలో ఒకాయన ఇంట్లో పెద్దావిడ చనిపోయింది. వెంటనే టొరంటో వెళ్లాలి. దగ్గరివాళ్లు పోయినప్పుడు విమాన కంపెనీలు ఇచ్చే తగ్గింపు ధర తనకు వస్తుందా అని ఎయిర్ కెనడా వెబ్‌సైట్‌లోని చాట్‌బాట్‌ను అడిగాడు. ముందు మామూలు ధరకు టికెట్ కొనుక్కోండి, టికెట్ ఇచ్చిన 90 రోజుల్లోపు దరఖాస్తు పెట్టుకుంటే తేడా డబ్బు వెనక్కి ఇస్తాం అని బాట్ చెప్పింది. ఆయన స్క్రీన్‌షాట్ తీసి దాచుకుని టికెట్లు కొన్నాడు. తీరా తిరిగొచ్చి అడిగితే, ప్రయాణం అయిపోయాక ఆ తగ్గింపు వర్తించదు, మా నిబంధన అదే అంది కంపెనీ. గొడవ బ్రిటిష్ కొలంబియాలోని సివిల్ రిజల్యూషన్ ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. 2024 ఫిబ్రవరిలో తీర్పు వచ్చింది. వెబ్‌సైట్‌లో ఉన్న సమాచారం మామూలు పేజీలో రాసినదైనా, చాట్‌బాట్ చెప్పినదైనా బాధ్యత కంపెనీదే అని తేల్చి, వడ్డీ, ఫీజులతో కలిపి సుమారు 812 కెనడా డాలర్లు కట్టమన్నారు.

ఈ కేసును లాయర్లు చాలా రకాలుగా చర్చించారు. నాకు మాత్రం అందులో ఇంకో సంగతి కనిపిస్తుంది. ఆ రోజు జరిగిన సంభాషణను చాట్‌బాట్ పనితీరు కొలిచే మామూలు డ్యాష్‌బోర్డ్‌లో వేసి చూడండి. ప్రయాణికుడు ప్రశ్న అడిగాడు, బాట్‌కు అర్థమైంది, స్పష్టంగా జవాబిచ్చింది. అతను మధ్యలో వదిలేసి పోలేదు, మనిషితో మాట్లాడతానని పేచీ పెట్టలేదు, వెళ్లి టికెట్ కూడా కొన్నాడు. అప్పటికప్పుడు రేటింగ్ అడిగి ఉంటే మంచి మార్కులే వేసి ఉండేవాడేమో. డ్యాష్‌బోర్డ్‌లో పచ్చరంగు పడాల్సిన సంభాషణే చివరికి కేసయింది.

చాట్‌బాట్ ఇప్పుడు మనకు కొత్త కాదు. రైలు టికెట్ల సైటులో ఐఆర్‌సీటీసీ ఆస్క్‌దిశ 2018 నుంచీ ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో వాట్సాప్‌లో ‘మన మిత్ర’ను మొదలుపెట్టింది. బ్యాంకు, గ్యాస్, కొరియర్ కంపెనీ, ఎవరికి మెసేజ్ పెట్టినా ముందు పలకరించేది బాటే. దాన్ని తయారుచేసి జనంలోకి వదిలిన తర్వాత, అది పనిచేస్తోందో లేదో నడిపేవాళ్లకు ఎలా తెలుస్తుంది? సాధారణంగా మూడు అంకెలు చూస్తారు. ఎంతమంది సమస్య తీరింది అన్నది రిజల్యూషన్ రేటు. ఎక్కడ వదిలేసి వెళ్లిపోయారు అన్నది డ్రాప్-ఆఫ్. సంతోషపడ్డారా లేదా అన్నది శాటిస్‌ఫాక్షన్. ఈ మూడింటికీ ఒకటే చిక్కు. ఎక్కువమంది ఏమీ చెప్పకుండా వెళ్లిపోతారు. ఆ మౌనాన్ని ఏ ఖాతాలో వేశారన్న దాన్నిబట్టే అంకె పైకో కిందికో పోతుంది.

82 శాతం అంటే ఎంత?

ఒక లెక్క వేసి చూద్దాం. విజయవాడ, హైదరాబాద్ మధ్య బస్సులు నడిపే ఒక ప్రైవేటు ట్రావెల్స్ వాట్సాప్‌లో చాట్‌బాట్ పెట్టిందనుకుందాం. కంపెనీ, అంకెలు ఊహించినవే, లెక్క కట్టే తీరు మాత్రం నిజంగా చేసేదే. ఒక నెలలో 10,000 సంభాషణలు వచ్చాయి. వాటిలో 1,800 మందిని బాట్ ఏజెంటుకు, అంటే కాల్ సెంటర్‌లో కూర్చున్న మనిషికి, అప్పగించింది. మిగతా 8,200 బాట్ దగ్గరే మొదలై బాట్ దగ్గరే ముగిశాయి. నెలాఖరు మీటింగులో స్లైడ్ మీద ‘82 శాతం పరిష్కారం’ అని పడుతుంది. అందరూ చప్పట్లు కొడతారు.

నిజానికి ఆ 82 శాతానికి ఈ రంగంలో వేరే పేరుంది, కంటెయిన్‌మెంట్. ఫోన్‌లో ‘ఒకటి నొక్కండి, రెండు నొక్కండి’ అనే ఐవీఆర్ కాలం నుంచి వచ్చిన మాట అది. మనిషి దాకా రాకుండా ఎంతమందిని ఆపగలిగాం అన్నదే దాని లెక్క. ఆపడం వేరు, పని చేసి పెట్టడం వేరు. పెళ్లిలో విస్తరి ముందు నుంచి లేచిపోయినవాడు కడుపు నిండి లేచాడో, కూర నచ్చక లేచాడో ఖాళీ అయిన కుర్చీ చెప్పదు. కంటెయిన్‌మెంట్ ఖాళీ కుర్చీలను మాత్రమే లెక్కబెడుతుంది.

ఇప్పుడు ఆ 8,200ను విప్పి చూద్దాం. చివర్లో బాట్ ‘మీ పని అయిందా?’ అని అడిగితే 2,600 మంది ‘అయింది’ నొక్కారు. 400 మంది ‘కాలేదు’ నొక్కారు. మిగిలిన 5,200 మంది ఏమీ నొక్కలేదు. అంటే సగానికి పైగా సంభాషణలు మౌనంగా ముగిశాయి. వీళ్లందరినీ ‘అయినట్టే’ అని వేస్తే రేటు పైకి పోతుంది. ‘అయింది’ అని చెప్పినవాళ్లనే లెక్కపెడితే 26 శాతానికి పడిపోతుంది. నిజం ఈ రెండింటి మధ్యలో ఎక్కడో ఉంటుంది. అదెక్కడో వెతకడమే అసలు పని.

మౌనంగా వెళ్లినవాళ్లలో మొదట తీసేయాల్సినవాళ్లు ఉన్నారు. ‘హాయ్’ అని పెట్టి, బాట్ పలకరింపు చూసి, ఏమీ అడగకుండా పోయినవాళ్లు. పొరపాటున నొక్కినవాళ్లు, ఏముందో చూద్దామని వచ్చినవాళ్లు. మన లెక్కలో వీళ్లు 800 అనుకుందాం. సమస్యే చెప్పలేదు కాబట్టి తీరిందని, తీరలేదని అనడానికి లేదు. మొత్తంలోంచే వీళ్లను తీసేయాలి. అప్పుడు లెక్కలోకి వచ్చేవి 9,200, అందులో మౌనంగా పోయినవి 4,400.

తర్వాత చేయాల్సింది ఆ మొబైల్ నంబర్లు తీసుకుని వచ్చే ఏడు రోజుల్లో అదే విషయం మీద మళ్లీ వచ్చారా అని చూడటం. బాట్ దగ్గరికే కాదు, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశారా, మెయిల్ పెట్టారా, బస్టాండ్ దగ్గరి కౌంటర్‌కు వచ్చి అడిగారా అన్నది కూడా. చాలా చోట్ల ఈ పని ఆగిపోయేది ఇక్కడే. బాట్‌ను నడిపేది ఒక బృందం, కాల్ సెంటర్ వేరే బృందం, రెండింటి రికార్డులు వేరువేరు చోట్ల ఉంటాయి. బాట్ డ్యాష్‌బోర్డ్‌లో ‘పరిష్కారం’ అయినవాడే పావుగంటలో కాల్ సెంటర్ డ్యాష్‌బోర్డ్‌లో కొత్త ఫిర్యాదుగా పుడతాడు. రెండు అంకెలూ నిజమే, పక్కపక్కన పెట్టి చూసేవాడే లేడు. మన లెక్కలో అలా చూస్తే మౌనంగా వెళ్లిన 4,400లో 1,900 మంది వారంలో తిరిగొచ్చారు. ‘అయింది’ అని నొక్కిన 2,600లోనూ 200 మంది మళ్లీ వచ్చారు.

ఇంకా మిగిలింది తిరిగి రాని 2,500 మంది. వీళ్ల పని అయిపోయిందా, విసిగిపోయి వేరే ట్రావెల్స్‌కు మారిపోయారా? దీనికి అడ్డదారి లేదు. వాటిలోంచి ఏ ఎంపికా లేకుండా 200 సంభాషణలు తీసి, కూర్చుని చదవాలి. అడిగింది ఏమిటి, బాట్ చెప్పింది దానికి జవాబేనా, ఆ జవాబు నిజమా అని ఒక్కోదానికీ టిక్కు పెట్టాలి. చదివితే 130 సంభాషణల్లో సరైన జవాబు దొరికింది, 50లో దొరకలేదు, 20 ఎటూ తేలలేదు. అంటే సుమారు 65 శాతం. ఆ లెక్కన 2,500లో 1,625 మందికి పని జరిగి ఉంటుంది. దానికి తిరిగి రాని ‘అయింది’లు 2,400 కలిపితే 4,025. మొత్తం 9,200లో ఇది 44 శాతం.

స్లైడ్ మీద 82, కూర్చుని చూస్తే 44. ఎవరూ అబద్ధం చెప్పలేదు, మౌనాన్ని ఏ ఖాతాలో వేశారన్నదే తేడా.

ఈ తేడా వెనక డబ్బు కూడా ఉంది. ఇంటర్‌కామ్ అనే కంపెనీ ‘ఫిన్’ పేరుతో ఒక బాట్‌ను 2023లో తెచ్చి, ఒక్కో పరిష్కారానికి 99 సెంట్లు అని ధర పెట్టింది. పని జరిగితేనే డబ్బులు అనడం న్యాయంగానే ఉంది. కానీ పరిష్కారం అంటే ఏమిటి? కస్టమర్ సరేనని చెప్పినా లెక్కే, జవాబు చూశాక ఇంకేమీ అడగకుండా వెళ్లిపోయినా లెక్కే. నిబంధనల్లో వాళ్లు ఈ మాట దాచలేదు, స్పష్టంగానే రాశారు. అందుకే బాట్ కొనే ఏ సంస్థ అయినా ధర కంటే ముందు చదవాల్సింది ఈ నిర్వచనం. మాట్లాడకుండా వెళ్లిపోయినవాడికి బిల్లు పడుతుందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

టికెట్ నంబరు దగ్గర ఆగిపోయిన 880 మంది

రిజల్యూషన్ రేటు పని జరగట్లేదని చెబుతుందేగానీ ఎక్కడ జరగట్లేదో చెప్పదు. అది తెలియాలంటే డ్రాప్-ఆఫ్ చూడాలి. సంభాషణను మెట్లుగా విడగొట్టి, ఏ మెట్టు మీద ఎంతమంది ఆగిపోయారో లెక్కపెడతారు.

మన ట్రావెల్స్‌లో ఆ నెల 2,000 మంది మెనూలో ‘రిఫండ్’ నొక్కారు. 1,940 మందికి ‘మీ టికెట్ నంబరు పంపండి’ అనే మెసేజ్ వెళ్లింది. ఆ మెట్టు దాటినవాళ్లు 1,060. తమ రిఫండ్ పరిస్థితి తెరమీద చూసినవాళ్లు 1,010. అంటే ఒక్క టికెట్ నంబరు దగ్గరే 880 మంది జారిపోయారు. గ్రాఫ్‌లో ఇది పెద్ద గుంటలా కనిపిస్తుంది. గుంట ఎందుకు పడిందో గ్రాఫ్‌కు తెలియదు. ఇక్కడా ఓ వంద సంభాషణలు తీసి చదవాల్సిందే.

చదివితే ఒక్క కారణం కాదు, నాలుగు కనిపించాయి. 38 మంది నంబరు పంపారు, బాట్ ‘సరైన నంబరు పంపండి’ అని తిప్పికొట్టింది. రెండు మూడుసార్లు ప్రయత్నించి వదిలేశారు. ఎస్ఎంఎస్‌లో వచ్చే టికెట్ నంబరులో మధ్యమధ్య అడ్డగీతలు ఉంటాయి, బాట్ మాత్రం గీతలు లేకుండా కావాలంటుంది. ఆ మాట ఎక్కడా చెప్పదు. 21 మంది టికెట్ ఫొటోనే పంపారు. మనిషికి పంపితే అదే సులువు కదా. ఈ బాట్ ఫొటో చదవలేదు. 14 మంది ‘నంబరు నా దగ్గర లేదు’ అన్న మాటను ఏదో రూపంలో చెప్పారు. కొందరు వాయిస్ మెసేజ్ పెట్టారు, కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాశారు. బాట్‌కు నేర్పింది తెలుగు లిపిలో తెలుగు, ఇంగ్లీషులో ఇంగ్లీషు. మన జనం ఫోన్‌లో ఎక్కువగా రాసేది మాత్రం ఈ రెండూ కాని మూడోది. మిగతా 27 మంది ఏమీ పంపలేదు.

ఆ 27 మందిలోనూ ఒక మెలిక ఉంది. నంబరు కావాలంటే వాట్సాప్ మూసి ఎస్ఎంఎస్‌లో వెతకాలి, లేదా టికెట్ బుక్ చేసినవాళ్లను అడగాలి. కొడుకు హైదరాబాద్‌లో కూర్చుని బుక్ చేస్తాడు, ప్రయాణం చేసేది గుడివాడలోని అమ్మ. ఆమె కొడుక్కి ఫోన్ చేసి, వాడు ఆఫీసులో ఖాళీ చూసుకుని నంబరు పంపి, ఆమె బాట్‌కు పంపేసరికి గంట దాటుతుంది. బాట్ మాత్రం అరగంట నిశ్శబ్దంగా ఉంటే సంభాషణ మూసేసేలా అమర్చి ఉంది. ఆమె నంబరు పంపగానే కొత్త సంభాషణ మొదలై, ‘నమస్కారం, భాష ఎంచుకోండి’ అంటుంది. లెక్కల్లో ఆమె మొదటి సంభాషణ ఒక డ్రాప్-ఆఫ్, రెండోది ఇంకో కొత్త కస్టమర్. వెబ్‌సైట్‌లో చాట్ చేసేవాళ్లు తెర ముందే కూర్చుంటారు కాబట్టి అక్కడ అరగంట సరిపోవచ్చు. వాట్సాప్ అలా కాదు, పొద్దున వచ్చిన మెసేజ్‌కు సాయంత్రం జవాబిచ్చే చోటు అది. సమయం హద్దును అరగంట నుంచి 24 గంటలకు మార్చి అదే నెల రికార్డులను మళ్లీ లెక్కేస్తే, బాట్‌లో ఒక్క అక్షరం మారకుండానే డ్రాప్-ఆఫ్ తగ్గుతుంది. కాబట్టి ఈ అంకెను ఎవరైనా చూపిస్తే ముందు అడగాల్సిన ప్రశ్న, ఎంతసేపటి మౌనాన్ని వెళ్లిపోవడం అంటున్నారు అని.

మందు ఏమిటన్నది చదివితేనే తెలిసింది. వాట్సాప్‌లో వచ్చినవాళ్ల మొబైల్ నంబరు బాట్‌కు ముందే తెలుసు. ఆ నంబరు మీద గత నెలలో బుక్ అయిన ప్రయాణాలను జాబితాగా చూపించి, వేలితో ఎంచుకోమంటే చాలామందికి టికెట్ నంబరుతో పనే ఉండదు. ఆ జాబితాలో లేని గుడివాడ అమ్మలాంటివాళ్లకే నంబరు అడగాలి, అదీ గీతలున్నా లేకపోయినా తీసుకోవాలి. రెండుసార్లు తప్పితే మూడోసారి అడగకుండా మనిషికి అప్పగించాలి.

డ్రాప్-ఆఫ్ చూసేవాళ్లు బోల్తాపడేది ఇంకోచోట. చాలా బాట్‌లలో అందరికంటే ఎక్కువమంది వెళ్లిపోయేది ‘ఇంకేమైనా సహాయం కావాలా?’ అన్న మెసేజ్ దగ్గర. కొత్తగా చేరినవాళ్లు దాన్ని చూసి కంగారుపడి ఆ వాక్యాన్ని మారుస్తూ కూర్చుంటారు. పని అయిపోయింది కాబట్టి వెళ్లిపోయారు, అంతే. కావాల్సింది చేతికందాక వెళ్లిపోవడం మంచి ముగింపు. మెట్లు గీసుకునేటప్పుడే ఏది గమ్యమో గుర్తు పెట్టుకోవాలి. గమ్యం దాటాక పోయినవాళ్లను జారిపోయినవాళ్లలో కలపకూడదు.

దీనికి ఉల్టాగా, గమ్యం చేరినట్టు కనిపించి చేరనివాళ్లూ ఉంటారు. రిఫండ్ పరిస్థితి చూసిన ఆ 1,010 మందికి బాట్ చెప్పింది ‘మీ రిఫండ్ ప్రాసెస్‌లో ఉంది’ అని. అన్ని మెట్లూ ఎక్కేశారు, డ్రాప్-ఆఫ్ సున్నా. వాళ్లలో 430 మంది రెండు మూడు రోజుల్లో అదే ప్రశ్నతో తిరిగొచ్చారు. బాట్ చెప్పింది నిజమే, కానీ మనిషి అడిగింది డబ్బు ఎప్పుడు పడుతుందని. ఆ తేదీ బాట్‌కు తెలియదు, ఎందుకంటే అకౌంట్స్ విభాగం దాన్ని ఏ కంప్యూటర్‌లోనూ ఎక్కించదు. ఈ సమస్యను చాట్‌బాట్ చేసినవాళ్లు ఎన్నాళ్లు కూర్చున్నా తీర్చలేరు. బాట్ లెక్కలు శ్రద్ధగా చదివితే సగం సందర్భాల్లో దొరికేది బాట్ లోపం కాదు, దాని వెనకున్న ఆఫీసు లోపం. మీటింగుల్లో ఈ మాట చెప్పడం మాత్రం కష్టం.

అయిదు నక్షత్రాలు ఎవరు ఇచ్చారు?

ఇక మూడో అంకె. చివర్లో ‘మా సేవకు ఎన్ని మార్కులు?’ అని అడుగుతారు. మన ట్రావెల్స్ సగటు 4.3. బోర్డు మీద పెట్టుకోదగ్గ అంకె. కానీ ఆ ప్రశ్న అన్ని మెట్లూ దాటి చివరికి చేరినవాళ్లకే కనిపిస్తుంది. అలా చేరినవాళ్లు ఆ నెల 4,000 మంది, జవాబిచ్చింది 600. టికెట్ నంబరు దగ్గర విసిగి పోయిన 880 మందిని ఎవరూ అడగనేలేదు. మొత్తం 9,200లో చూస్తే ఈ 4.3 వందకు ఏడుగురి అభిప్రాయం కూడా కాదు.

ఆ 600లోనూ 450 మంది అయిదు ఇచ్చారు, 80 మంది ఒకటి ఇచ్చారు, మధ్యలో 70 మంది. మార్కులు వేసే ఓపిక బాగా సంతోషించినవాళ్లకు, బాగా మండినవాళ్లకు ఉంటుంది. సగటు ఈ రెండు గుంపులనూ కలిపేసి, నిజంగా ఎవరూ పెద్దగా ఇవ్వని 4.3ను చేతిలో పెడుతుంది. పనికొచ్చేది సగటు కాదు, ఆ 80. వాటిని తెరిచి చూస్తే కొందరికి బాట్ మీద కోపం, కొందరికి బస్సులో ఏసీ పనిచేయలేదని కోపం, కొందరికి నిబంధన మీద కోపం. బస్సు బయల్దేరే ముందు రెండు గంటల్లో రద్దు చేస్తే డబ్బు రాదు అని బాట్ సరిగ్గానే చెప్పింది, వాళ్లు ఒకటి వేశారు. బాట్ పొరపాటున ‘మొత్తం వస్తుంది’ అని చెప్పి ఉంటే అయిదు వేసేవాళ్లు. నిజం చెప్పిన బాట్‌కు తక్కువ మార్కులు, తియ్యగా అబద్ధమాడిన బాట్‌కు ఎక్కువ మార్కులు పడే అవకాశం ఈ కొలతలోనే ఉంది. కృత్రిమ మేధతో సొంతంగా వాక్యాలు అల్లే కొత్త బాట్‌ల విషయంలో ఇది మరీ ప్రమాదం, అవి తప్పును కూడా ధీమాగా చెబుతాయి.

అందుకే జవాబు నిజమా కాదా అన్నది ఈ మూడు అంకెల్లో దేనికీ వదిలేయకూడదు. దానికి వేరే పరీక్ష ఉండాలి. జనం నిజంగా అడిగిన ప్రశ్నల్లోంచి ఓ వంద ఏరి, నిబంధనలు తెలిసినవాళ్లతో సరైన జవాబులు రాయించి పెట్టుకోవాలి. వారానికోసారి, బాట్‌లో ఏదైనా మార్చినప్పుడల్లా, ఆ వందా అడిగి సరిచూడాలి. రిఫండ్, రద్దు, తగ్గింపు ధరల్లాంటి డబ్బు ప్రశ్నల్లో ఒక్కటి తప్పినా ఆ మార్పును ఆపేయాలి. విసుగు పని అని చాలామంది దీన్ని దాటేస్తారు.

ఎప్పుడు అడిగామన్నదీ ముఖ్యమే. వాట్సాప్‌లో కస్టమర్ ఆఖరి మెసేజ్ పెట్టిన 24 గంటల వరకే కంపెనీ తనకు నచ్చినట్టు మెసేజ్ పంపగలదు. ఆ తర్వాత ముందే అనుమతి తీసుకున్న నమూనా మెసేజ్‌లే పంపాలి. ఈ గొడవంతా ఎందుకని అందరూ సంభాషణ అవగానే మార్కులు అడిగేస్తారు. ‘రిఫండ్ వస్తుంది’ అని విన్న నిమిషంలో వేసే మార్కు ఆశకు పడేది. డబ్బు ఖాతాలో పడాల్సిన తేదీ దాటాక అడిగితే వచ్చేదే అసలు మార్కు.

అడగకుండానే తెలిసేవీ ఉన్నాయి, నా దృష్టిలో అవే ఎక్కువ నమ్మదగ్గవి. ఒకే ప్రశ్నను మాటలు మార్చి రెండోసారి అడిగారంటే మొదటి జవాబు పనికిరాలేదన్నమాట. ‘మనిషితో మాట్లాడాలి’ అని ఎన్నో మెసేజ్‌లో అన్నారో చూడాలి. మొదటి మెసేజ్‌లోనే అంటే బాట్ అంటేనే నమ్మకం లేదు, ఆరో మెసేజ్‌లో అంటే బాట్ ఆ నమ్మకాన్ని పోగొట్టింది. మెసేజ్‌లు పోనుపోను పొట్టిగా మారడం, ప్రశ్నార్థకాలు మూడు నాలుగు పడటం కూడా గుర్తులే. మాటల్లోని భావాన్ని యంత్రంతో కొలిపించేటప్పుడు మాత్రం జాగ్రత్త పడాలి. ‘చాలా గొప్ప సర్వీసండీ మీది, దండం పెట్టాలి’ అన్నదాన్ని మెప్పుదల కింద రాసుకునే యంత్రాలున్నాయి. ‘సరేలెండి’ అని వెళ్లిపోయినవాడు ఒప్పుకున్నాడో, విసిగిపోయాడో ఆ పైనున్న నాలుగు మెసేజ్‌లు చదివితే తెలుస్తుంది.

అంకె పెరిగితే అనుమానించాలి

ఈ కొలతల్లో దేన్నైనా లక్ష్యంగా పెట్టి, దాని మీద బోనస్ ఇస్తామంటే అది చెడిపోవడానికి ఎంతో కాలం పట్టదు. కంటెయిన్‌మెంట్ పెంచడానికి అతి సులువైన దారి ‘ఏజెంటుతో మాట్లాడండి’ అనే బటన్‌ను మూడు మెనూల లోపల దాచడం. వారంలో అంకె పెరుగుతుంది. ఆ వారమే హెల్ప్‌లైన్‌కు ఫోన్లు పెరుగుతాయి, కాకపోతే అవి వేరే డ్యాష్‌బోర్డ్‌లో పెరుగుతాయి. అందుకే కంటెయిన్‌మెంట్ పెరిగిందని ఎవరైనా చెబితే, అదే వారంలో తిరిగొచ్చినవాళ్ల సంఖ్య ఏమైందని అడగాలి. అది కూడా పెరిగి ఉంటే పెరిగింది గోడ ఎత్తు మాత్రమే.

స్వీడన్‌కు చెందిన క్లార్నా కథ ఈ రంగంలో అందరికీ తెలిసిందే. 2024 ఫిబ్రవరిలో ఆ కంపెనీ తన కృత్రిమ మేధ సహాయకుడి మొదటి నెల లెక్కలు బయటపెట్టింది. 23 లక్షల సంభాషణలు, మొత్తం కస్టమర్ చాట్‌లలో మూడింట రెండొంతులు, 700 మంది ఉద్యోగుల పనికి సమానం. సగటున 11 నిమిషాలు పట్టే పని రెండు నిమిషాల్లోపే అయిపోతోందని, మళ్లీ మళ్లీ వచ్చే విచారణలు 25 శాతం తగ్గాయని, సంతృప్తి మనుషులతో సమానంగా ఉందని చెప్పింది. తిరిగొచ్చినవాళ్ల లెక్క కూడా చెప్పారు కాబట్టి చాలామంది ప్రకటనల కంటే ఇది నయం. 2025 మేలో అదే కంపెనీ అధిపతి సెబాస్టియన్ సీమియాట్‌కోవ్‌స్కీ బ్లూమ్‌బర్గ్‌తో మాట్లాడుతూ, ఖర్చు తగ్గించడానికి మరీ ఎక్కువ ప్రాధాన్యం ఇవ్వడంతో నాణ్యత తగ్గిందని ఒప్పుకున్నారు, కోరుకున్న కస్టమర్‌కు మనిషి ఎప్పుడూ దొరికేలా మళ్లీ జనాన్ని తీసుకుంటున్నామన్నారు. బాట్‌ను మాత్రం తీసేయలేదు. నా అంచనా ఏమిటంటే, సులువైన ప్రశ్నలు మొదటి నెల సగటును పైకి లాగుతాయి. కష్టమైనవి సంఖ్యలో కొన్నే ఉంటాయి, కంపెనీ పేరు మీద మచ్చ పడేది మాత్రం వాటితోనే. అందుకే సగటు కాకుండా విషయంవారీగా, అంటే బస్సు వేళలకు ఎంత, రిఫండ్‌కు ఎంత, పోయిన సామానుకు ఎంత అని విడివిడిగా చూడాలి. వేళలు అడిగినవాళ్లతో వచ్చిన మంచి పేరు వెనక సామాను పోగొట్టుకున్నవాళ్లు కనిపించకుండా పోతారు.

సంభాషణలు చదవాలని ఇన్నిసార్లు అన్నాను కాబట్టి ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. జనం బాట్‌కు అడగని వివరాలు కూడా ఇచ్చేస్తారు. ఆధార్ నంబరు, బ్యాంకు ఖాతా, ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో అన్నీ రాస్తారు. చదివేవాళ్ల చేతికి వెళ్లేలోపే పేర్లు, నంబర్లు చెరిపేసే ఏర్పాటు ఉండాలి. మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా ఇది చేయాల్సిన పనే.

పాఠకులకు చివరగా ఒక విన్నపం. బాట్‌తో పని కాకపోతే ఫోన్ పక్కన పడేసి ఊరుకోకండి. ‘మీ పని అయిందా?’ అని అడిగినప్పుడు ‘కాలేదు’ నొక్కండి, వీలైతే ఎందుకు కాలేదో ఒక్క ముక్క రాయండి, మీకు వచ్చిన తెలుగులో, ఏ అక్షరాల్లోనైనా సరే. బాగా నడిపే చోట మనుషులు ముందు తెరిచి చదివేది ఆ ‘కాలేదు’లనే. నిర్లక్ష్యంగా నడిపే చోట కూడా, కనీసం మీ మౌనాన్ని ‘పని అయినట్టే’ అని రాసుకునే వీలు వాళ్లకు ఉండదు.